ఫోటోలో కుంచెను చూసి పేరు చెప్పడం ఎలా: రౌండ్, ఫ్లాట్, ఫిల్బర్ట్, ఫ్యాన్, ఏ రంగుకి ఏది

నాలుగైదు బ్రష్‌లు వరసగా పెట్టి ఫోటో తీసి, "ఇవి ఏ రకం? వాటర్ కలర్‌కి పనికొస్తాయా?" అని అడిగేవాళ్ళు చాలామంది. పాత సామానులో దొరికినవి కావచ్చు, ఆన్‌లైన్‌లో సెట్‌గా అమ్ముతున్నవి కావచ్చు, ఎవరో వాడి వదిలేసి ఇచ్చినవి కావచ్చు. చూడగానే అందరి కళ్ళూ కుచ్చు కొన మీదికే పోతాయి. మొన ఉంటే రౌండ్, అడ్డంగా కోసినట్టుంటే ఫ్లాట్, విచ్చుకుని ఉంటే ఫ్యాన్ అనేస్తారు. సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి.

కుచ్చు నమ్మదగిన సాక్షి కాదు. కొత్త బ్రష్‌కి దారిలో వెంట్రుకలు చెదరకుండా పల్చటి జిగురు పెట్టి మొన తేల్చి ఉంచుతారు. కాబట్టి లావుగా పొంగి ఉండే మెత్తని మాప్ బ్రష్ కూడా కొత్తలో సూదిలా కనిపించవచ్చు. తడిస్తే వెంట్రుకలు దగ్గరికి వస్తాయి, ఆరితే విచ్చుకుంటాయి, ఏళ్ళ తరబడి వాడితే మూలలు అరిగిపోతాయి. వీటన్నిటి మధ్యా ఆకారం మారనిది ఒక్కటే, వెంట్రుకల్ని పిడికి పట్టి ఉంచే లోహపు తొడుగు. దీన్ని ఫెర్రూల్ అంటారు. ఈ మార్గదర్శి మొత్తం ఆ తొడుగుతోనే మొదలవుతుంది. కొన గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ముందు ఫోటో సంగతి

ఒకే ఫోటోతో తేల్చలేని బ్రష్‌లు ఉంటాయి. ఫ్లాట్ బ్రష్‌ని పక్కనుంచి, అంటే సన్నని అంచు వైపు నుంచి తీస్తే అచ్చం రౌండ్‌లా ఉంటుంది. ఫిల్బర్ట్‌ని కూడా అలా తీస్తే మొనదేలిన రౌండ్ అనిపిస్తుంది. అందుకని వీలైతే రెండు ఫోటోలు అడగండి. ఒకటి బ్రష్‌ని తెల్ల కాగితం మీద పడుకోబెట్టి సరిగ్గా పైనుంచి తీసింది, రెండోది అదే బ్రష్‌ని పావు వంతు తిప్పి తీసింది. కెమెరా వాలుగా ఉంటే కుచ్చు పొడవు అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది. ముందు ముందు మనం పొడవు, వెడల్పుల నిష్పత్తి లెక్కేస్తాం కాబట్టి ఈ సంగతి గుర్తుండాలి.

అమ్మకందారు పెట్టిన ఒక్క ఫోటోనే ఉంటే అందులో దొరికినంత వరకు జూమ్ చేసి మూడు చోట్లు చూడండి: తొడుగు, కుచ్చు కొన, పిడి మీది అక్షరాలు. చాలా కంపెనీలు పిడి మీద ఆకారం పేరు, సిరీస్ నంబరు, సైజు నంబరు అచ్చు వేస్తాయి. అది చదవగలిగితే సగం పని అయిపోయినట్టే. కానీ సైజు నంబరుకి మాత్రం పెద్ద విలువ ఇవ్వకండి. ఒక కంపెనీ 8 నంబరు రౌండ్, ఇంకో కంపెనీ 8 నంబరు రౌండ్ ఒకే లావు ఉండాలనేం లేదు. 8 నంబరు ఫ్లాట్‌కీ 8 నంబరు రౌండ్‌కీ అసలు పోలికే లేదు. ఫోటోలో పక్కన ఒక స్కేలు పెట్టమని అడిగి మిల్లీమీటర్లలో చూసుకోవడమే మేలు.

మొదటి మెట్టు: తొడుగు సన్నబడుతోందా, వెడల్పవుతోందా

పిడి దగ్గర మొదలుపెట్టి కుచ్చు వైపు చూపుని నడిపించండి. రౌండ్ కుటుంబం బ్రష్‌లలో తొడుగు పిడి దగ్గర లావుగా ఉండి కుచ్చు వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఫ్లాట్ కుటుంబంలో తిరగబడుతుంది. పిడి దగ్గర గుండ్రటి గొట్టంగా మొదలై, కుచ్చు దగ్గరికి వచ్చేసరికి నొక్కేసి వెడల్పు చేసి ఉంటుంది. గుండ్రటి గొట్టాన్ని పూర్తిగా నొక్కితే దాని వెడల్పు మొదటి వ్యాసానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అందుకే పైనుంచి తీసిన ఫోటోలో ఆ విచ్చుకోవడం స్పష్టంగా తెలుస్తుంది.

ఫోటో సరిగ్గా పైనుంచి కాక కొంచెం వాలుగా తీసిందని అనుమానం ఉంటే వెలుగు ఎలా పడిందో చూడండి. గుండ్రటి లోహం మీద వెలుగు పొడుగునా సన్నని మెరుపు గీతగా కనిపిస్తుంది. నొక్కిన లోహం మీద అది వెడల్పాటి మచ్చగా, ఇంచుమించు ఒకే తెలుపుగా పరుచుకుంటుంది. మెరుపు గీత పిడి దగ్గర సన్నగా ఉండి కుచ్చు దగ్గరికి వచ్చేసరికి పరుచుకుందంటే అది ఫ్లాట్ కుటుంబమే. కొన ఎంత మొనగా ఉన్నా సరే.

తొడుగే లేనివి కొన్ని ఉంటాయి. హేక్ అనే జపాన్ తరహా బ్రష్‌లో మేక వెంట్రుకల్ని వెడల్పాటి చెక్క పిడి చీలికలో పెట్టి దారంతో కుట్టేస్తారు. పెద్ద ఆకాశాలు తడపడానికి వాటర్ కలర్ వాళ్ళు వాడతారు. క్విల్ మాప్‌లో లోహం బదులు పారదర్శకమైన గొట్టం ఉండి, దాని మీద సన్నని ఇత్తడి తీగ చుట్టి ఉంటుంది. ఈ తీగ చుట్టు చూసి గుర్తుపట్టడం తేలిక. తెలుగువాళ్ళ ఫోటోల్లో ఇంకొకటి కూడా ఎదురవుతుంది, శ్రీకాళహస్తి కలంకారీ కలం. చివర చెక్కిన వెదురు పుల్ల, దాని మీద ఉన్ని లేదా బట్ట చుట్టి దారంతో కట్టిన ఉండ. దూరం నుంచి లావుపాటి మాప్ బ్రష్‌లా ఉంటుంది గానీ అది బ్రష్ కాదు. ఆ ఉండ రంగుని పీల్చుకుని ఉంచుతుంది, వేళ్ళతో కొద్దిగా నొక్కితే వెదురు మొన మీదికి దిగుతుంది. దానికి పేరు పెట్టడానికి కింది లెక్కలేవీ పనికిరావు.

రెండో మెట్టు: ఫ్లాట్ కుటుంబంలో కొన గీత

తొడుగు నొక్కి ఉందని తేలాక, ఇప్పుడు కొన చూడండి. కొన అడ్డంగా సూటిగా ఉండి రెండు మూలలూ స్పష్టంగా కనిపిస్తే అది ఫ్లాట్ లేదా బ్రైట్. ఈ రెండిటినీ విడదీసేది పొడవు. తొడుగు అంచు నుంచి కొన దాకా కుచ్చు పొడవు కొలవండి, తొడుగు అంచు దగ్గర వెడల్పు కొలవండి. ఫోన్ తెర మీద స్కేలు పెట్టి కొలిచినా చాలు, మనకి కావలసింది నిష్పత్తి మాత్రమే. పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్లు, ఆపైన ఉంటే ఫ్లాట్. ఇంచుమించు సమానంగా ఉంటే బ్రైట్. మధ్యలో పడితే రెండు వైపుల అంచులు చూడండి. బ్రైట్‌లో అంచులు కొన వైపు కొద్దిగా లోపలికి వంగి ఉంటాయి.

పొడవులో ఈ తేడా చిన్నదిగా అనిపిస్తుంది కానీ చేతికి చాలా తెలుస్తుంది. పొట్టి వెంట్రుక తక్కువ వంగుతుంది, కాబట్టి బ్రైట్ గట్టిగా ఉంటుంది. ఆయిల్ రంగుని చిక్కగా తీసుకుని కాన్వాస్‌లోకి నొక్కడానికి, రంగు మీద గీతల ముద్రలు కనపడేలా వెయ్యడానికి అది సరిపోతుంది. ఫ్లాట్ ఎక్కువ రంగు పట్టుకుంటుంది, పొడవాటి ఒకే లాగుడు వస్తుంది, అంచు తిప్పితే సన్నగీత కూడా పడుతుంది. వాటర్ కలర్‌లో వాడే మెత్తటి ఫ్లాట్‌ని చాలాచోట్ల వాష్ బ్రష్ లేదా వన్ స్ట్రోక్ అంటారు. దాని సైజు నంబరుతో కాకుండా అర అంగుళం, ముప్పావు అంగుళం, అంగుళం అని రాసి ఉంటుంది. పిడి మీద అంగుళాల లెక్క కనపడిందంటే అది వాటర్ కలర్ ఫ్లాట్ అయ్యే అవకాశం ఎక్కువ.

కొన ఏటవాలుగా ఉంటే యాంగులర్. ఇక్కడ ఒక జాగ్రత్త: ఫోటోలో బ్రష్ వంకరగా పడుకుని ఉంటే మామూలు ఫ్లాట్ కూడా ఏటవాలుగా అనిపిస్తుంది. తొడుగు అంచు గీతనీ కొన గీతనీ పోల్చండి. రెండూ సమాంతరంగా ఉంటే ఫ్లాట్, కొన మాత్రమే వాలి ఉంటే యాంగులర్. ఆ వాలు మరీ నిటారుగా, ఒక పక్క పొడుగ్గా కత్తిలా దిగితే డాగర్. ఆకులు, గడ్డిపోచలు ఒకే లాగుడులో లావు నుంచి సన్నానికి రావడానికి వాటర్ కలర్ వాళ్ళు డాగర్ ఇష్టపడతారు.

ఇక ఫిల్బర్ట్. నొక్కిన తొడుగు, వెడల్పాటి కుచ్చు, కొన మాత్రం వేలి గోరులా గుండ్రంగా. పేర్లు కలగలిసిపోయేది దీని దగ్గరే. కొన గుండ్రంగా ఉంది కదా అని దీన్ని రౌండ్ అనేవాళ్ళున్నారు, తొడుగు చూస్తే ఆ పొరపాటు ఉండదు. ఫిల్బర్ట్ వేసిన గీత చివర మూలలు ఉండవు, అంచు మెత్తగా ఆగుతుంది. అందుకే ముఖాలు, మబ్బులు, పూరేకులు వేసేవాళ్ళు ఆయిల్‌లోనూ అక్రిలిక్‌లోనూ దీన్ని వదలరు. వాటర్ కలర్‌కి మెత్తటి ఫిల్బర్ట్‌లు కూడా వస్తాయి. కొన గుండ్రంగా కాక మధ్యలో చిన్న మొనగా తేలితే దాన్ని క్యాట్స్ టంగ్ అంటారు. వాటర్ కలర్‌లో వెడల్పాటి వాష్, అంటే పల్చటి రంగునీళ్ళ పొర, సన్నగీత రెండూ అదే చేస్తుంది.

అరిగిన ఫ్లాట్‌ని ఫిల్బర్ట్ అనుకోకుండా

వాడిన బ్రష్‌ల ఫోటోల్లో అన్నిటికన్నా ఎక్కువ వచ్చే చిక్కు ఇదే. ఫ్లాట్ బ్రష్‌ని గరుకు కాన్వాస్ మీద ఏళ్ళ తరబడి రుద్దితే ముందు అరిగేవి మూలలే. మూలలు పోయిన ఫ్లాట్ చూడ్డానికి ఫిల్బర్ట్‌లా ఉంటుంది. ఫోటో పంపినవాళ్ళకి అది ఫిల్బర్ట్ అని చెప్పేస్తే, వాళ్ళు మళ్ళీ అలాంటిదే కొని ఇదేంటి ఇలా ఉంది అనుకుంటారు.

తేడా పట్టడానికి మూడు గుర్తులు. మొదటిది రెండు పక్కల పోలిక. ఫ్యాక్టరీలో చేసిన ఫిల్బర్ట్ మధ్య గీతకి రెండువైపులా ఒకేలా ఉంటుంది. అరుగుదల అలా ఉండదు. చేతివాటం వల్ల ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ అరుగుతుంది. రెండోది వెంట్రుకల చివర్లు. పంది వెంట్రుకకి సహజంగా చివర చిన్న చీలికలు ఉంటాయి, వాటివల్లే అది రంగుని పట్టుకుంటుంది. మంచి ఫిల్బర్ట్‌లో ఆ చీలికలు కొన పొడుగునా ఉంటాయి కాబట్టి ఫోటోలో కొన కొద్దిగా నూగుగా, లేతగా కనిపిస్తుంది. అరిగినదాంట్లో చీలికలు పోయి వెంట్రుకలు మొద్దుగా, కత్తిరించినట్టు ఉంటాయి. మూడోది మొత్తం పొడవు. అదే సెట్‌లో, అదే రంగు పిడితో, అదే వెడల్పు తొడుగుతో ఇంకో బ్రష్ ఉంటే రెండిటి కుచ్చు పొడవూ పోల్చండి. ఫిల్బర్ట్ మధ్యభాగం దాని జోడీ అయిన ఫ్లాట్‌కి దగ్గరగానే ఉంటుంది. అరిగిన ఫ్లాట్ మధ్యలో కూడా కురచైపోయి ఉంటుంది.

అలా అని అరిగిన ఫ్లాట్‌ని పారెయ్యమని కాదు. గరుకు పొదలు, చెట్ల బెరడు వెయ్యడానికి అదే బాగుంటుందని నా అభిప్రాయం. పేరు మాత్రం సరిగ్గా చెప్పాలి.

ఫ్యాన్: అసలుదా, పాడైనదా

ఫ్యాన్ బ్రష్ గుర్తుపట్టడం తేలికనుకుంటారు. అసలైన ఫ్యాన్‌లో వెంట్రుకలు తొడుగు అంచు నుంచే విచ్చుకుంటాయి, కొన అంతా ఒకే వంపులో ఉంటుంది, పక్కనుంచి చూస్తే చాలా పల్చగా, కొద్ది వరసల వెంట్రుకలే ఉంటాయి. కడగకుండా వదిలేసిన బ్రష్ కూడా విచ్చుకుంటుంది. తొడుగులోకి దిగిన రంగు ఎండి గట్టిపడి, వెంట్రుకల్ని మొదట్లోనే ఎడం చేసేస్తుంది. అక్రిలిక్ దీనికి పెట్టింది పేరు, ఒకసారి ఆరితే నీళ్ళకి కరగదు. ఇలా పాడైనదాంట్లో వెంట్రుకలు ఒకే తలంలో కాకుండా అన్ని వైపులకీ లేచి ఉంటాయి, తొడుగు అంచు దగ్గర రంగు గట్టు కనిపిస్తుంది.

అసలు ఫ్యాన్‌లో మళ్ళీ రెండు రకాలు. తెల్లటి గట్టి వెంట్రుకలున్నది ఆయిల్‌కి, అక్రిలిక్‌కి. గడ్డి, దేవదారు కొమ్మలు, నురగ లాంటివి తడుతూ వెయ్యడానికి. మెత్తటి వెంట్రుకలున్నది ఆయిల్‌లో తడి రంగుల మధ్య గీతలు కనపడకుండా కలపడానికి, దాదాపు తాకీ తాకనట్టు తిప్పుతారు. మెత్తటి ఫ్యాన్‌ని నీళ్ళరంగులో ముంచితే వెంట్రుకలు పాయలు పాయలుగా అంటుకుని ఫ్యాన్ ఆకారమే పోతుంది. కాబట్టి వాటర్ కలర్‌లో దాన్ని దాదాపు పొడిగా, కొద్ది రంగుతో మాత్రమే వాడాలి. వాటర్ కలర్ మొదలుపెట్టేవాళ్ళ సెట్‌లలో ఫ్యాన్ ఎందుకు వేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, సెట్‌లో సంఖ్య పెంచడానికి తప్ప.

మూడో మెట్టు: రౌండ్ కుటుంబం

తొడుగు కుచ్చు వైపు సన్నబడిందని తేలితే ఇక పేరు కుచ్చు పొడవు, పొట్ట మీద ఆధారపడుతుంది. మామూలు రౌండ్‌లో కుచ్చు మధ్యలో కొద్దిగా ఉబ్బి కొనకి వచ్చేసరికి మొనదేలుతుంది. పొడవు మొదట్లో వెడల్పుకి మూడు నాలుగు రెట్లు ఉండటం మామూలు. ఆ ఉబ్బే రంగునీళ్ళ నిలవ, ఆ మొనే గీత. అందుకే వాటర్ కలర్ మనిషికి ఒక్క మంచి రౌండ్ ఉంటే చాలా పనులు జరిగిపోతాయి.

కుచ్చు సన్నగా, లావుకి పది రెట్లకి అటూ ఇటూ పొడవుంటే లైనర్ లేదా రిగ్గర్. ఈ పేర్లని కంపెనీలు తమ ఇష్టం వచ్చినట్టు వాడతాయి, బాగా పొడవుంటే రిగ్గర్ అంటే సరిపోతుంది. ఓడల తెరచాప తాళ్ళు గీయడానికి వాడిన బ్రష్ అది. పల్చగా నీళ్ళలా చేసిన రంగు ఏదైనా దానికి నడుస్తుంది, ఆయిల్‌ని కూడా పల్చన చేసి చెట్ల సన్న కొమ్మలు వేస్తారు. చిక్కటి రంగు మాత్రం దాంట్లోంచి దిగదు. దీనికి పూర్తిగా ఎదురు మాప్: లావుగా, మెత్తగా, ఆరినప్పుడు పొంగి ఉంటుంది. ఎక్కువ నీళ్ళు పట్టుకుంటుంది, వాటర్ కలర్ వాష్‌లకే. చాలా పొట్టిగా చిన్న మొనతో ఉంటే డిటైల్ లేదా స్పాటర్, సైజులు 0, 00, 000 ఇలా ఉంటాయి. సున్నాలు పెరిగేకొద్దీ బ్రష్ చిన్నదవుతుంది.

ఆకారం తెలిసింది. మరి ఏ రంగుకి?

ఆకారం గీతని నిర్ణయిస్తుంది. రంగుని నిర్ణయించేది వెంట్రుక. రౌండ్ అంటే వాటర్ కలర్, ఫ్లాట్ అంటే ఆయిల్ అని ఒక మాట తిరుగుతూ ఉంటుంది, అది సగమే నిజం. పంది వెంట్రుకలతో చేసిన రౌండ్‌లు ఆయిల్‌కి ఉన్నాయి, మెత్తటి ఫ్లాట్‌లు వాటర్ కలర్‌కి ఉన్నాయి. కాబట్టి ఫోటోలో వెంట్రుకని, పిడి పొడవుని కలిపి చూడాలి.

తెల్లగా లేదా మీగడ రంగులో, ఒక్కొక్క వెంట్రుకా విడిగా లావుగా కనిపిస్తే అది పంది వెంట్రుక, షాపుల్లో హాగ్ హెయిర్ అంటారు. ఆయిల్‌కి ఇదే మొదటి ఎంపిక, ఎందుకంటే చిక్కటి రంగుని తొయ్యగల బలం దానికి ఉంది. అక్రిలిక్‌కి కూడా వాడొచ్చు గానీ గంటల తరబడి నీళ్ళలో ఉంటే అది నీళ్ళు పీల్చి మెత్తబడిపోతుంది. వాటర్ కలర్‌కి పనికిరాదు, నీళ్ళు పట్టుకోదు, కాగితం మీది రంగుని గీరేస్తుంది. ఆరిన రంగుని తడిపి లేపడానికి మాత్రం కొందరు చిన్న హాగ్ బ్రష్ పక్కన ఉంచుకుంటారు.

ఎర్రటి గోధుమరంగులో, మొదట్లో ఒక ఛాయ కొనలో ఇంకో ఛాయ ఉండి, మొన పదునుగా ఉంటే సేబుల్ అనే జంతు వెంట్రుక కావచ్చు. వాటర్ కలర్‌కి ఇది చాలా ఖరీదైన వెంట్రుక. అక్రిలిక్‌లో వాడితే పాడైపోతుంది. ముదురు గోధుమ లేదా నలుపు రంగులో మెత్తగా వాలిపోతున్నట్టుంటే ఉడత వెంట్రుక, మాప్‌లకి వాడతారు. నీళ్ళు బాగా పడుతుంది కానీ వంచితే తిరిగి లేవదు. షాపుల్లో క్యామెల్ హెయిర్ అని అమ్మేదాంట్లో ఒంటె వెంట్రుక ఉండదు, ఉడత, గుర్రం, మేక లాంటి వేరే జంతువులవి ఉంటాయి.

నారింజ లేదా బంగారు రంగులో, మొదలు నుంచి కొన దాకా ఒకే ఛాయలో, నైలాన్ మెరుపుతో ఉంటే సింథటిక్. అక్రిలిక్‌కి ఇదే తీసుకోండి. మెత్తటివి వాటర్ కలర్‌కి, పోస్టర్ కలర్‌కి కూడా పనికొస్తాయి. గట్టివి ఆయిల్‌కి వాడొచ్చు.

పిడి పొడవు దీనికి తోడు సాక్ష్యం. ఈజెల్ ముందు నిలబడి దూరం నుంచి వేసే ఆయిల్, అక్రిలిక్ బ్రష్‌లకి ఒక అడుగు దాకా పొడవు పిడి ఉంటుంది. బల్ల మీద వంగి వేసే వాటర్ కలర్ బ్రష్‌లకి పొట్టి పిడి. ఫోటోలో పూర్తి బ్రష్ కనిపిస్తేనే ఇది చెప్పగలం.

ఒక ఫోటోని మొదటినుంచి చివరిదాకా

ఇప్పుడు న్యూస్‌పేపర్ మీద పక్కపక్కన పరిచిన ఆరు వాడిన బ్రష్‌ల ఫోటో ఒకటి తీసుకుందాం. పైనుంచి తీశారు, నీడలు తక్కువ. ఎడమ నుంచి చూద్దాం. కొలతలన్నీ తెర మీద స్కేలుతో తీసినవి.

మొదటిది పొడవు పిడి, తొడుగు కుచ్చు వైపు విచ్చుకుంది, తెల్లటి గట్టి వెంట్రుకలు, మూలలు ఉన్నాయి. కుచ్చు 30 మి.మీ., వెడల్పు 16. నిష్పత్తి 1.9 దాకా వచ్చింది. హాగ్ ఫ్లాట్, ఆయిల్‌కి. రెండోది అదే పిడి, అదే రకం వెంట్రుక, 15కి 14. బ్రైట్, అది కూడా ఆయిల్‌కే, చిక్కటి రంగుకి.

మూడోది కొన గుండ్రంగా ఉంది. అడిగినవాళ్ళు దీన్నే ఫిల్బర్ట్ అనుకున్నారు. తొడుగు నొక్కినదే, వెడల్పు మొదటిదానిలాగే 16. కానీ కుచ్చు మధ్యలో 22 మాత్రమే, జోడీ ఫ్లాట్ కన్నా 8 తక్కువ. జూమ్ చేస్తే కుడి మూల ఎడమకన్నా ఎక్కువ వాలి ఉంది, వెంట్రుకల చివర్లు మొద్దుగా ఉన్నాయి. పిడి మీది అక్షరాలు చెరిగిపోయాయి గానీ అవి లేకపోయినా ఇది అరిగిన ఫ్లాట్ అని చెప్పడానికి ఇంతకంటే అక్కర్లేదు.

నాలుగోది పొట్టి పిడి, తొడుగు సన్నబడింది, ఒకే ఛాయ నారింజ రంగు మెరుపు. పొడవు 21, మొదట్లో వెడల్పు 6. సింథటిక్ రౌండ్, వాటర్ కలర్‌కీ పోస్టర్ కలర్‌కీ పనికొస్తుంది. ఐదోది అలాంటి పిడే, కుచ్చు 24కి 2. రిగ్గర్.

ఆరోది చక్కగా అర్ధచంద్రాకారంలో విచ్చుకుని ఉంది. ఎవరు చూసినా ఫ్యాన్ అనే అంటారు. తొడుగు దగ్గరికి రండి. పిడి నుంచి కుచ్చు వైపు సన్నబడుతోంది, మెరుపు గీత చివరిదాకా సన్నగానే ఉంది. ఫ్యాన్‌కి ఇలాంటి తొడుగు ఉండదు. ఇంకొంచెం జూమ్ చేస్తే కుచ్చు మొదట్లో నీలం రంగు గట్టుగా ఎండి ఉంది. అంటే ఇది ఒకప్పటి రౌండ్, కడగక విచ్చిపోయింది. గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు పెట్టి ఆ రంగు వదులుతుందేమో చూడమని చెప్పొచ్చు. అక్రిలిక్ అయితే ఆశ తక్కువ.

ఆరింటిలో ఒక్క ఫిల్బర్ట్ లేదు, ఒక్క ఫ్యాన్ లేదు. కొనలు మాత్రమే చూసినవాళ్ళకి రెండూ కనపడి ఉండేవి.

ఫోటో చెప్పలేనివి

వెంట్రుక గట్టిదనం ఫోటోలో తెలియదు. ఒకే బంగారు రంగు సింథటిక్ ఒక బ్రష్‌లో అక్రిలిక్‌కి తగినంత గట్టిగా, ఇంకోదాంట్లో వాటర్ కలర్‌కి తగినంత మెత్తగా ఉండొచ్చు. కొనేముందు అమ్మేవాళ్ళని చిన్న వీడియో అడగండి: తడిపిన బ్రష్‌ని వేలి మీద నొక్కి వదలాలి. వెంటనే నిటారుగా లేస్తే స్ప్రింగ్ ఉన్నట్టు, వంగినది వంగినట్టే ఉంటే మాప్ తరహా మెత్తదనం.

సేబులా, సేబుల్‌లా రంగు వేసిన సింథటికా అనేది కూడా ఫోటోతో తేలదు. ఇప్పుడు సింథటిక్ వెంట్రుకకి మొదట్లో ఒక ఛాయ, కొనలో ఒక ఛాయ వేసి అచ్చం అలాగే తయారుచేస్తున్నారు. ధర చూసి అంచనా వెయ్యొచ్చు, అంతే. పాత బ్రష్‌ల్లో ఒకే వెంట్రుక మీద లేత, ముదురు పట్టీలు వరసగా కనిపిస్తే ముంగిస వెంట్రుక కావచ్చు. ముంగిసకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో రక్షణ ఉంది, దాని వెంట్రుకల బ్రష్‌లు అమ్మడం, కొనడం నేరం. అచ్చం అలాంటి చారలతోనే సింథటిక్ బ్రష్‌లు కూడా వస్తున్నాయి కాబట్టి ఫోటో చూసి ఇది ముంగిసదే అని ఎవరి మీదా నింద వెయ్యలేం. అమ్మేవాళ్ళని అది దేనితో చేసిందో రాతలో అడగండి, చెప్పకపోతే కొనకండి.